జడ్జే దర్యాప్తు చేస్తే అమాయకుడు బయటపడతాడా?

"ఫ్రాన్స్‌లో జడ్జే స్వయంగా దర్యాప్తు చేసి తీర్పు కూడా తానే ఇస్తాడు కాబట్టి అమాయకుడికి అన్యాయం జరగదు. కాకపోతే ముద్దాయే తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలి. ఇంగ్లండ్ పద్ధతిలో జడ్జి ఉత్త ప్రేక్షకుడు. అందరికీ పంపండి."

ఈ సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారిలో ఇద్దరు న్యాయశాస్త్రం చదువుకున్నవారు కావడం వల్ల ఇక ఊరుకోలేకపోతున్నాను.

నిర్దోషిత్వం సంగతికి ఒక్క వాక్యం చాలు: దోషిగా తేలేదాకా ప్రతి మనిషినీ నిర్దోషిగానే భావించాలని ఫ్రెంచివారు 1789 నాటి హక్కుల ప్రకటన 9వ అధికరణంలోనే రాసుకున్నారు. ఇక దర్యాప్తు న్యాయమూర్తి తాను దర్యాప్తు చేసిన కేసులో తీర్పు చెప్పడాన్ని అక్కడి చట్టమే నిషేధించింది. పైగా ఆయన దాకా వెళ్లేవి ఘోర నేరాలూ చిక్కు కేసులే. మిగిలినవన్నీ ప్రాసిక్యూటర్ అజమాయిషీలో పోలీసులు చూసుకునేవే.

అసలు ప్రమాదం "అన్యాయం జరగదు" అన్న మాటలో ఉంది. ఫ్రాన్స్‌లోని ఊత్రో కేసు చూడండి. 2001లో పిల్లలపై అత్యాచారాల ఆరోపణలతో దర్యాప్తు మొదలైంది. తన నేరం ఒప్పుకున్న ఒక తల్లి ఇతరుల పేర్లూ చెప్పింది. నేరాన్ని బలపరిచే సాక్ష్యంతో పాటు ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా వెతకడం దర్యాప్తు న్యాయమూర్తి విధి. కాని ఆయన ముఖాముఖి విచారణల్లో ఆరోపించేవారిని విడివిడిగా కాక కలిపి కూర్చోబెట్టి, ఒక్కొక్క ముద్దాయిని వారి ఎదుట నిలబెట్టారు. ఒకరి మాట విని మరొకరు తలూపితే అది రెండో సాక్ష్యమైపోయింది! రిమాండ్ నిర్ణయం వేరే జడ్జిదే అయినా, ఆయన ముందున్నదీ అదే ఫైలు. కొందరు మూడేళ్ల దాకా జైల్లో మగ్గారు. ఒకరు విచారణకు ముందే జైల్లో చనిపోయారు.

ఫైలులో కనబడని అబద్ధం 2004లో బహిరంగ విచారణలో బయటపడింది: ఆ తల్లి 13 మంది ఏమీ చేయలేదని కోర్టులోనే చెప్పి, తర్వాత ఆ మాటా మార్చింది. విచారణకు నిలబడ్డ 17 మందిలో ఏడుగురు అప్పుడే నిర్దోషులుగా బయటపడ్డారు, అప్పీలు చేసిన మరో ఆరుగురు 2005 డిసెంబరులో నిర్దోషులుగా తేలారు. సత్యాన్వేషి అయిన ఆ న్యాయమూర్తికి దర్యాప్తులో కనబడనిది నోటి ప్రశ్నలకు బయటపడిందన్నమాట. తాను కూర్చిన కథను తానే అనుమానించడం ఎవరికైనా కష్టమే, నల్లకోటు వేసుకున్నంత మాత్రాన అది సులువు కాదు.

అయితే ఒక విషయంలో సందేశం వైపే నేనూ మొగ్గుతాను. ఇంగ్లండ్, అమెరికాల వాద ప్రతివాద పద్ధతిలో సాక్ష్యం తెచ్చుకునే భారం కక్షిదారులదే కనుక, చేతగాని లాయరు దొరికిన పేద ముద్దాయి మునిగిపోతాడు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడినవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా నేరం ఒప్పేసుకున్నవారే, అంటే క్రాస్ ఎగ్జామినేషన్ అన్నదే జరగనివారు. జర్మనీలో మాత్రం లాయరు అడగకపోయినా నిజం తేలడానికి అవసరమైన సాక్ష్యాన్ని కోర్టే రప్పించాలి, సాక్షిని ముందుగా ప్రశ్నించేదీ జడ్జే. అదే జర్మనీ దర్యాప్తు న్యాయమూర్తి పదవిని 1975లో రద్దు చేసి, విచారణలో ప్రశ్నించే జడ్జిని అట్టే పెట్టుకుంది. సందేశం పంపేవారు ఈ ఇద్దరిలో ఏ జడ్జిని పొగుడుతున్నారో ఐదోసారి పంపే ముందు తేల్చుకోగలరు.