నేల ఒకటే, కూలి రెండు

"పక్క గ్రూపోళ్లకు మూడొందల దాకా పడింది. మాకు రెండొందలు కూడా పడలా. ఇద్దరం ఒకే చేన్లో తవ్వినాం కదా సార్!" రాయలసీమలో ఒక పల్లెలో, పంట కుంట గట్టు మీద నిలబడి ఒకామె అడిగిన మాట ఇది. ఆ చేన్లో రెండు కుంటలు పక్కపక్కనే ఉన్నాయి. చూపుకు రెండూ ఒక్కటే.

ఉపాధి హామీలో 2025-26కు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రకటించిన రోజుకూలి 307 రూపాయలు. పనికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మొత్తం అందుతుందని పట్నంలో చాలామంది అనుకుంటారు. మట్టి పనిలో అలా ఉండదు. గ్రూపు తవ్విన మట్టిని ఘనపు మీటర్లలో కొలిచి, ఆ రకం నేలకు ధరల పట్టికలో ఉన్న రేటుతో గుణించి, వచ్చిన మొత్తాన్ని మస్టర్లో పడిన హాజరు దినాలతో భాగిస్తారు. గంట విరామంతో కలిపి ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి ప్రకటించిన కూలి గిట్టేలా ఆ రేట్లు ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒకటో షెడ్యూల్లోనే ఉంది. అంటే కూలి తగ్గినప్పుడు "మీరు పని సరిగా చేయలేదు" అనే ముందు ఈ లెక్కలో ఏ అంకె తప్పిందో చూడాలి.

తేలిగ్గా అర్థమయ్యేందుకు ఒక లెక్క కడదాం. గ్రూపులో పది మంది, ఆరు రోజులు. మధ్యలో కొందరు రాకపోవడంతో మొత్తం హాజరు 55 దినాలు. కుంట పొడవు 12 మీటర్లు, వెడల్పు 8, లోతు 0.7. తవ్విన మట్టి 67.2 ఘనపు మీటర్లు. గట్టి నేలలో మనిషి రోజుకు 1.25 ఘనపు మీటర్లు తవ్వాలన్నది ప్రమాణం అనుకుంటే, 307ను దాంతో భాగిస్తే ఘనపు మీటరుకు 245.60 రూపాయలు వస్తుంది. మొత్తం 16,504 రూపాయలు, మనిషికి రోజుకు 300. అదే గుంతను మెత్తటి నేలగా రాసి, రోజుకు 2 ఘనపు మీటర్లు తవ్వాలని లెక్కేస్తే రేటు 153.50కి పడిపోతుంది. మనిషికి దక్కేది 187 రూపాయల 55 పైసలు. చెమట అంతే, మట్టి అంతే. మారింది ఒక్క మాట.

లోతు దగ్గరా ఇలాగే జరుగుతుంది. 0.7ను 0.6గా రాస్తే, గట్టి నేల రేటుతోనే అయినా కూలి 257కు దిగుతుంది. ఒక జానెడు కూడా లేని 10 సెంటీమీటర్లకు మనిషికి రోజుకు 43 రూపాయలు పోతాయి. అందుకే గుంత మధ్యలో తవ్వకుండా మట్టి దిమ్మె వదలాలి. అసలు నేల మట్టం ఎక్కడుందో అది చూపిస్తుంది. వాన పడి కుంటలో నీళ్లు నిలిస్తే, ఒండ్రు చేరితే, కొలత ఇక అంచనాయే.

ఇక మస్టరు. పనికి రాని ఇద్దరి పేర్లు ఆరు రోజులూ ఎక్కించారనుకోండి. 55 కాస్తా 67 అవుతుంది, 300 రూపాయలు 246 అవుతాయి. దొంగ మస్టరును ప్రభుత్వ సొమ్ము కాజేయడంగానే మనం చూస్తాం. కొలత కూలిలో ఆ డబ్బు నేరుగా పక్కన పార పట్టిన మనిషి కూలి నుంచి పోతుంది. నా మట్టుకు ఇందులో అన్నిటికన్నా క్రూరమైన సంగతి ఇదే. 2023 జనవరి నుంచి పనిచోట యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. ఫొటో మనుషులను లెక్కపెట్టగలదు, గునపం దెబ్బకు నేల ఎలా లొంగిందో చెప్పలేదు.

ఆ రెండు కుంటల కొలతల పుస్తకం తెప్పించి చూశాం. పొడవు, వెడల్పు, లోతు రెండింటికీ ఒక్కటే. హాజరు దినాల్లోనూ పెద్ద తేడా లేదు. నేల రకం దగ్గర మాత్రం ఒకదానికి గట్టి నేల, రెండోదానికి మెత్తటి నేల అని ఉంది. రెండో కుంట అంచనా వానలు పడ్డాక, పార సులువుగా దిగే రోజుల్లో వేశారట. తవ్వింది ఏప్రిల్లో. ఎర్రనేల ఎండకు ఎలా బిగుసుకుంటుందో సీమ రైతును అడిగితే చెబుతాడు. అంచనాలో రాసిన నేల రకాన్ని తవ్వేరోజున మళ్లీ చూసి సరిచేయాలి. గ్రూపు నుంచి ఇద్దరు ముందుండగా కొలిచి, నేల రకం, మూడు కొలతలు, హాజరు దినాలు ఒకే చీటీ మీద రాసివ్వాలి. ఇప్పుడు వాళ్లకు తెలిసేది బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం ఒక్కటే.

ఆమె మమ్మల్ని కుంటలోకి దించి పక్క గోడ చూపించింది. గోడ నిండా గునపం మొన దిగిన గాట్లు, వేలెడు లోతున, ఒకదాని పక్కన ఒకటి. పారతో కోసిన మెత్తటి మట్టి గోడ నున్నగా ఉంటుంది.