బోర్డు చూసింది, అయినా వన్‌వేలో ఎదురెళ్లింది

టెస్ట్ పాసైన మర్నాడే ఎవరైనా వన్‌వేలో ఎదురెళ్తే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒక్కటే: "బోర్డు చూసుకోవద్దా?" ఈ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. చాలాసార్లు వాళ్లు బోర్డు చూసే ఉంటారు. చూసి, తప్పుగా చదువుతారు. చూడకపోవడం వేరు, తప్పుగా చదవడం వేరు. రెండింటికీ ఒకే తిట్టు తిడితే రెండోది ఎప్పటికీ బాగుపడదు.

ఒక అమ్మాయి సంగతి తీసుకుందాం. నిన్న టెస్ట్ పాసైంది, ఇవాళ మొదటిసారి ఒంటరిగా కారు తీసింది. చిన్న వీధిలోంచి వచ్చి ఒక టీ జంక్షన్ దగ్గర ఆగింది. ఎదురుగా అడ్డంగా వెళ్లే రోడ్డు వన్‌వే, బండ్లన్నీ ఆమెకు కుడి నుంచి ఎడమకు పోవాలి. ఫోన్ మాత్రం "కుడివైపు తిరగండి" అంది. రోడ్డుకు అవతల, సరిగ్గా ఆమె ముందు, నీలం రంగు దీర్ఘచతురస్రం బోర్డు ఉంది. మధ్యలో ఎడమకు చూపించే తెల్ల బాణం. ఆమె దాన్ని చూసింది. రెండు వైపులా చూసుకుంది, కుడి నుంచి వచ్చే బండ్లు పోయేదాకా ఓపిగ్గా ఆగింది, ఇండికేటర్ వేసి కుడికి తిరిగింది.

ఇందులో అజాగ్రత్త ఎక్కడుంది?

పుస్తకంలో ఆమె చదివింది ఇదీ: గుండ్రటి బోర్డు ఆజ్ఞ, దీర్ఘచతురస్రం సమాచారం. 1968 నాటి వియన్నా ఒప్పందాన్ని అనుసరించే దేశాల్లో ఈ పాఠం నిజమే. నీలం గుండ్రంలో ఎడమ బాణం ఉంటే "ఎడమకే తిరగాలి" అని ఆజ్ఞ. అదే బాణం నీలం దీర్ఘచతురస్రంలో ఉంటే "ఈ రోడ్డు ఇటే సాగుతుంది" అని సమాచారం. ఆమె దాన్ని సమాచారంగానే చదివింది. ఎడమవైపు ఏదో ఉందని చెబుతున్నారు, నేను వెళ్లేది కుడికి కదా, నాకు సంబంధం లేదు అనుకుంది. పాఠం కరెక్టే, ముగింపు తప్పు. వన్‌వే బోర్డు సమాచారమే కానీ, దాని కడుపులో ఒక నిషేధం దాగి ఉంటుంది. ఆ సంగతి విడమరిచి చెప్పినవాళ్లు లేరు. (అన్నిచోట్లా నీలమే ఉండదు. అమెరికాలో ఇది నలుపు మీద తెల్ల బాణం.)

మరి నిషేధం చెప్పే ఎర్ర బోర్డు, తెల్ల అడ్డగీత ఉన్న నో ఎంట్రీ? అదీ ఉంది, కుడివైపు రోడ్డు మొదట్లోనే. కానీ దాని ముఖం ఆ రోడ్డులోకి నేరుగా వచ్చేవాళ్ల వైపు ఉంటుంది. పక్క వీధిలో ఆగిన మనిషికి రేకు అంచు మాత్రమే, సన్నటి గీతలా కనబడుతుంది. కారు సగం తిరిగాక గానీ ముఖం కనబడదు. ఆ క్షణంలో కొత్త డ్రైవర్ చూపు రోడ్డు దాటే మనుషుల మీదా, కాలిబాట అంచు మీదా ఉంటుంది. అందుకే ఇలాంటి చోట ఆ బోర్డును పక్క వీధి వైపు కాస్త తిప్పి పెట్టాలి. పెట్టనిచోట తప్పు డ్రైవర్ ఒక్కరిదే కాదు.

అసలు కారణం మాత్రం ఇంకా లోతుగా ఉంది. నెలల తరబడి పక్క సీట్లో కూర్చున్న శిక్షకుడు "ముందు కుడికి" అన్న ప్రతిసారీ అందులో చెప్పకుండా చెప్పిన మాట ఇంకొకటి ఉంది: అక్కడ కుడికి తిరగొచ్చు. శిక్షకుడు ఎన్నడూ తిరగకూడని చోట తిరగమని చెప్పడు. అలా "తిరగమన్నారంటే తిరగొచ్చు" అనేది అలవాటైపోతుంది. మొదటి రోజు ఆ గొంతు స్థానంలో ఫోన్ గొంతు వస్తుంది. దానికి తెలిసింది దారి మాత్రమే, అదీ మ్యాప్ చివరిసారి సరిచేసిన నాటిది. నిన్న వన్‌వేగా మార్చిన రోడ్డు దానికి ఇవాళ తెలియకపోవచ్చు. హామీ పోయింది, అలవాటు మిగిలింది.

ఆమె ఆగిన చోటే మరికొన్ని ఆనవాళ్లు ఉన్నాయి, వాటిని చదవడం ఎవరూ నేర్పలేదు. ఆగినంతసేపూ బండ్లు కుడి నుంచే వచ్చాయి. ఎడమ నుంచి ఒక్కటీ రాలేదు. ఆమె దాన్ని అదృష్టం అనుకుంది. కుడివైపు రోడ్డుకు రెండు పక్కలా పార్క్ చేసిన కార్ల ముందు భాగాలన్నీ ఆమె వైపే ఉన్నాయి. రెండు వైపులా బండ్లు నడిచే రోడ్డులో మామూలుగా ఒక పక్క ముందు భాగాలు, మరో పక్క వెనక భాగాలు కనబడతాయి. రోడ్డుకు రెండు పక్కలా బోర్డుల వెనకవైపు బోసి రేకులే కనబడటం ఇంకో గుర్తు. ఆ బోర్డులు చదవాల్సినవాళ్లు మనకు ఎదురొచ్చేవాళ్లు. సిగ్నల్ ఉన్న జంక్షన్‌లో అయితే స్టాప్ లైన్ చూడండి. అది సగం వెడల్పుకు కాకుండా రోడ్డు మొత్తానికీ గీసి ఉంటే, ఆ దారి బయటికి రావడానికే. స్తంభం వదులై బోర్డు తిరిగిపోయిన చోట మనల్ని కాపాడేవి ఈ గుర్తులే.

సరే, లోపలికి వెళ్లిపోయింది. ఎదురుగా కారు, హారన్. ఇక్కడ కొత్తవాళ్లు చేసే రెండు పనులు ప్రమాదం తెస్తాయి: సిగ్గుతో వేగం పెంచి అవతలి చివరకు చేరిపోవాలని చూడటం, లేదా రోడ్డు మధ్యలో కంగారుగా యూ టర్న్ కొట్టబోయి అడ్డంగా ఇరుక్కోవడం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో స్పందించడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే కారు 14 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి దాదాపు మరో 14. ఎదురెదురు కార్లు రెండింటికీ కలిపి 56 మీటర్లు కావాలి. ఇద్దరూ 30లో ఉంటే దాదాపు 27 మీటర్లలోనే పని అయిపోతుంది. అందుకే మొదట చేయాల్సింది ఆగడం. అంచుకు జరిగి, ఆగి, హజార్డ్ లైట్లు, హెడ్‌లైట్లు వేయాలి. ఎదుటివాళ్లకు మనం కనబడితే సగం ప్రమాదం పోయినట్టే. వాళ్లు దాటిపోయాక, పక్కన గేటు ముందో పార్కింగ్ ఖాళీలోనో కారు ముందు భాగాన్ని దూర్చి, వెనక్కి తీసి, సరైన వైపు తిప్పుకోవాలి. అలాంటి ఖాళీ వెనక ఉంటే అక్కడిదాకా నడక వేగంలో రివర్స్ రావచ్చు. రివర్స్‌లోనే జంక్షన్‌లోకి మాత్రం రాకూడదు. పక్క వీధిలోంచి వచ్చేవాళ్లు కారు రివర్స్‌లో వస్తుందని ఊహించరు.

ఇక శిక్షణ ఇచ్చేవాళ్లకు నా మాట. చివరి నాలుగైదు క్లాసుల్లో మలుపులు చెప్పడం మానేయండి. "స్టేషన్‌కు వెళ్దాం" అని గమ్యం మాత్రం చెప్పండి. బ్రిటన్ డ్రైవింగ్ టెస్టులో ఇలా సొంతంగా దారి చూసుకుని నడిపే భాగాన్ని 2017 డిసెంబరులో 10 నిమిషాల నుంచి దాదాపు 20 నిమిషాలకు పెంచారు. అక్కడ దారి తప్పినంత మాత్రాన ఫెయిల్ చేయరు. నేనైతే ఇంకో మెట్టు ఎక్కమంటాను. ముందే చెప్పి ఉంచి, నాలుగు మలుపుల్లో ఒకటి తిరగకూడనిది చెప్పండి. మీ కాలు మీ వైపున్న బ్రేకు మీదే ఉంచండి. నేర్చుకునేవాళ్లు "అటు కుదరదండీ" అని, ఎందుకు కుదరదో ఒక్క గుర్తయినా చూపించి, నేరుగా సాగిపోవాలి. గుర్తు చూపించలేక ఊరికే అనుమానంతో ఆగితే లెక్కలోకి రాదు, ఇంకో జంక్షన్‌లో మళ్లీ అడగండి.