చందా ఇచ్చి జైలుకెళ్ళిన పెద్దమనిషి

మా మేనల్లుడు విజయనగరంలో లా చదువుతున్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయని మొన్న ఆదివారం ఒక గైడు పట్టుకొచ్చాడు. జిరాక్స్ ప్రతి, స్టేపుల్ పిన్నులు ఊడిపోయి ఉన్నాయి. అందులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138కి సారాంశం ఇదీ: "చెక్కు బౌన్సయితే రెండేళ్ళ జైలు. గడువు ఆరు నెలలు."

అంతే. ఇరవై ఏళ్ళకు పైగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్న నాకు ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. పాపం, ఈ సెక్షన్‌ను 1988లో సవరణ చేసి తెచ్చిన పార్లమెంటుకు కూడా తెలియదనుకుంటాను. తెలిస్తే అంత పొడుగు వాక్యం, దానికి షరతులు పెట్టే ఒక ప్రొవైజో, అందులో మూడు క్లాజులు, కింద ఒక ఎక్స్‌ప్లనేషన్ ఎందుకు రాస్తుంది? సిరా దండగ.

ఈ గైడు ప్రకారం మా వీధిలో ఏం జరుగుతుందో చూద్దాం. వినాయక చవితి పందిరికి ఒక పెద్దమనిషి 1,116 రూపాయల చందా రాశాడు. మైకులో పేరు రెండుసార్లు చదివించుకున్నాడు. నగదు లేదని చెక్కు ఇచ్చాడు. ఖాతాలో ఉన్నది తొమ్మిది వందలు. చెక్కు తిరిగొచ్చింది. గైడు తెరిచాం. రెండేళ్ళు! నిమజ్జనం ఊరేగింపు దారి మార్చి, డప్పులతో సహా ఆయన్ని జైలు గేటు దాకా దిగబెట్టాం. చేతిలో ఇంకా లడ్డూ ముక్క ఉంది. లోపల పక్కనున్న ఖైదీ అడిగాడు, "ఏ కేసండీ?" "చందా" అన్నాడు ఈయన. అవతలివాడు ఖూనీ చేసి వచ్చినవాడు, భయపడి కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు గైడు మూసి చట్టం తెరుద్దాం. చెక్కు ఇచ్చింది "అప్పు లేదా ఇతర బాధ్యత" మొత్తంగానో కొంతగానో తీర్చడానికై ఉండాలి. అక్కడితో వదిలేయలేదు. కింద ఎక్స్‌ప్లనేషన్‌లో ఆ మాటకు అర్థం కూడా చెప్పారు: చట్టప్రకారం వసూలు చేసుకోదగిన అప్పు లేదా బాధ్యత అని. వినాయకుడికి రాసిన చందా ఎవరికీ బాకీ కాదు. అదే పెద్దమనిషి షామియానా అద్దెకు ఇచ్చిన చెక్కు తిరిగొచ్చిందనుకోండి, అది బాకీయే. మనిషి ఒకడే, చెక్కు పుస్తకం ఒకటే, కథ మాత్రం వేరు. పైగా పక్కనే సెక్షన్ 139 కూర్చుని ఉంది. చెక్కు పుచ్చుకున్నవాడు బాకీ కిందే పుచ్చుకున్నాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సింది ఇచ్చినవాడు. అంటే మన పెద్దమనిషి చందా రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి. సారాంశం రాసేవాడు ఎక్స్‌ప్లనేషన్‌ను చివర తోకలా ఉందని కోసేస్తే ఇంత కథా పోతుంది.

ఇంకా ఉంది. చెక్కు తిరిగిరావడం ఒక్కటే నేరం కాదు. ప్రొవైజో మొదలే "ఇవి జరిగితే తప్ప ఈ సెక్షన్ వర్తించదు" అంటుంది. "అయితే" అని చదివితే ఒక అర్థం, "అయితే తప్ప" అని చదివితే ఇంకో అర్థం. ఆ "తప్ప" కింద మూడు పనులున్నాయి, మూడూ జరగాలి. చెక్కు మీది తేదీ నుంచి ఆరు నెలల్లోగా గానీ, చెక్కు చెల్లుబాటు గడువులోగా గానీ, ఏది ముందైతే దానిలోపల, బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి కబురు అందిన ముప్పై రోజుల్లోగా, సొమ్ము కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందిన పదిహేను రోజుల్లోగా అవతలివాడు కట్టకపోవాలి. పదిహేనో రోజు సాయంత్రం సొమ్ము తెచ్చి ఇచ్చాడా, కేసు లేదు. పదహారో రోజు నుంచి నెలలోపల కోర్టులో ఫిర్యాదు వేయాలని సెక్షన్ 142 చెబుతుంది. శిక్ష కూడా "రెండేళ్ళ జైలు" కాదు. రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. ఆ "వరకు", ఆ "లేదా" ఎక్కడికి పోయాయో గైడు రాసిన మహానుభావుడికే తెలియాలి.

"ఏది ముందైతే అది." ఈ ముక్క దగ్గర నాకు నవ్వు రాదు.

ఇది కొన్నేళ్ళ కిందటి మాట. పలాస వైపు నుంచి ఒకామె వచ్చింది. జీడిగింజలు అమ్మిన సొమ్ము, లక్షా ఎనభై వేలు. వ్యాపారి ఇచ్చిన చెక్కు మీద తేదీ జనవరి 5. ఆమె మార్చి 28న వేసింది, 30న బ్యాంకు మెమో అందింది. నోటీసుకు ఏప్రిల్ 29 వరకు సమయముంది. ఆమె మొదట వెళ్ళిన వకీలు మే 4న పంపాడు. అయిదు రోజులు ఆలస్యం. పొరపాటు తెలిశాక కూడా ఆయన తాపీగా ఉన్నాడట. "కంగారెందుకమ్మా, చెక్కుకి ఆరు నెలలు, జులై దాకా ఉంది, మళ్ళీ వేసి మళ్ళీ నోటీసిద్దాం" అన్నాడట. మళ్ళీ వేసి మళ్ళీ నోటీసివ్వడం తప్పు కాదు, సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. కానీ 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు చెక్కుల చెల్లుబాటును మూడు నెలలకు తగ్గించింది. సెక్షన్‌లో ఆరు నెలలు అన్న మాట మారలేదు, మారక్కర్లేదు కూడా. "ఏది ముందైతే అది" అన్న ముక్క ఆ పని చేస్తూనే ఉంది. ఏప్రిల్ మొదటి వారంలోనే ఆ చెక్కుకు నూరేళ్ళు నిండాయి. రెండోసారి వేస్తే గడువు దాటిన చెక్కని బ్యాంకు తిప్పి పంపింది. కోర్టు ఫిర్యాదు వేయడంలో ఆలస్యాన్ని తగిన కారణం చూపితే మన్నించగలదు. నోటీసు ఆలస్యాన్ని మన్నించే దారి ఈ చట్టంలో లేదు.

నా దగ్గరకు వచ్చేసరికి ఆ చెక్కు పాలిథిన్ కవరులో మడతలు పడి ఉంది. అంతా చెప్పాను. ఆమె కవరు వైపు చూసి, "కాయితం కూడా సచ్చిపోతాదేటి బాబూ?" అంది.

ఏం చెప్పను? సివిల్ దావా ఉందమ్మా అన్నాను. దానికి కోర్టు ఫీజు ముందు కట్టాలి అని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ వకీలు చెడ్డవాడు కాదు. చదువుకునే రోజుల్లో ఎవడో నాలుగు మాటలు మిగుల్చుకుందామని "ఏది ముందైతే అది" కొట్టేసిన నోట్సు బట్టీ పట్టి ఉంటాడు. ఆ నోట్సు రాసినవాడు హాయిగా ఉన్నాడు. జిరాక్స్ వాడు పేజీకి ఇంతని లెక్కకట్టి తీసుకున్నాడు. జీడిగింజలు ఒలిచి ఒలిచి వేళ్ళు నల్లబడ్డ మనిషి మాత్రం లక్షా ఎనభై వేలు పోగొట్టుకుంది. సిగ్గుండాలి! సారాంశం అంటే మాటలు తగ్గించడమని మీకు ఎవడు చెప్పాడు? ఉదాహరణలు తీసేయండి, అలంకారాలు తీసేయండి, "తప్ప" జోలికి మాత్రం రాకండి.

మేనల్లుణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ రాయించాను. ఎవరిచ్చారు, ఎవరి ఖాతా మీద, ఏ బాకీకి, ఎందుకు తిరిగొచ్చింది, ఆపైన "ఈ మూడూ జరిగితే తప్ప" అని గీత గీసి మూడు క్లాజులూ, "బాకీ"కి చట్టమిచ్చిన అర్థం, శిక్ష. నోటీసు ఇవ్వాల్సింది "చెక్కు పుచ్చుకున్నవాడు" అని వాడు రాస్తే, "లేదా హోల్డర్ ఇన్ డ్యూ కోర్స్" అని చేర్పించాను. అదేమిటన్నాడు. దాని అర్థం సెక్షన్ 9లో ఉంది, నీ సొంత అర్థం చెప్పకు, అక్కడికి వెళ్ళి చూడు అన్నాను. గంటన్నర పట్టింది. కాఫీ రెండుసార్లు చల్లారింది.

చివరికి కాగితం ఎత్తి చూసుకుని, "మావయ్యా, ఇది పద్నాలుగు లైన్లయింది. ఈ ప్రశ్నకి అయిదు మార్కులే" అన్నాడు.