చక్రం తిరిగితే మలుపు వచ్చినట్టేనా?

"లవ్ స్ప్రెడ్‌లో వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ నిటారుగా పడిందంటే మలుపు ఖాయం. విధే తిప్పుతుంది, మీరు చేయాల్సిందేమీ లేదు. తలకిందులుగా పడితేనే పాత కథ మళ్ళీ నడుస్తున్నట్టు. అదే కార్డు మాటిమాటికీ వస్తోందంటే వెళ్ళిపోయిన మనిషి తిరిగి రాబోతున్నాడని గుర్తు."

ప్రేమ గురించి అడిగినప్పుడు పరిచే టారో కార్డుల్లో వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, అంటే అదృష్ట చక్రం, పడితే చాలామంది చెప్పే మాటలివి. ఇందులో నాలుగు మాటలున్నాయి. మొదటి రెండూ ఒకప్పుడు నేనూ నమ్మి, నలుగురికీ చెప్పినదాన్నే. ఆ నమ్మకంతో ఒకమ్మాయికి తప్పు జవాబు చెప్పాను కూడా. ఆ సంగతి చివర్లో.

ముందు మలుపు గురించి. ఈ అర్థం చెప్పేవాళ్ళు కార్డు పేరు చదువుతున్నారు గానీ బొమ్మ చూడటం లేదనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఉన్న డెక్ 1909లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు. అందులోంచి పదో నంబరు కార్డు తీసి ఎదురుగా పెట్టుకోండి. ఎడమ పక్కన పాము కిందికి జారుతోంది. కుడి పక్కన నక్క తల ఉన్న రూపం పైకి లేస్తోంది. చక్రం నెత్తిన కత్తి పట్టుకుని స్ఫింక్స్ కూర్చుంది. ఎక్కేదీ దిగేదీ ఒకే చక్రం మీద ఉన్నాయి. ఇవాళ పైకి లేస్తున్నది ఇంకో అరచుట్టు తిరిగితే ఆ పాము ఉన్న వైపుకే వస్తుంది.

పాత కార్డుల్లో ఇది ఇంకా సూటిగా ఉండేది. 15వ శతాబ్దం మధ్యలో మిలాన్ ప్రభువుల కోసం చేత్తో వేయించిన విస్కాంటి-స్ఫోర్జా కార్డుల్లో చక్రం చుట్టూ నలుగురు మనుషులుంటారు. నలుగురికీ లాటిన్‌లో తలా ఒక మాట: ఏలబోతున్నాను, ఏలుతున్నాను, ఏలాను, నాకు రాజ్యం లేదు. నలుగురిలో ఒక్కడూ చక్రం దిగి నడిచిపోవడం లేదు.

అందుకే నేను రెండు మాటలు వేరుగా పెట్టుకుంటాను: దశ మారడం, కథ మారడం. వీల్ చెప్పేది దశ మారుతోందని. మౌనంగా ఉన్నవాళ్ళు మాట్లాడతారు, దగ్గరున్నవాళ్ళు దూరమవుతారు, ఆగిపోయింది కదులుతుంది. అంతవరకూ ఆ మొదటి మాటలో నిజముంది. కానీ గానుగెద్దు కూడా రోజంతా కదులుతూనే ఉంటుంది. కథ మారిందా లేదా అన్నది ఈ ఒక్క కార్డు చెప్పలేదు. చుట్టూ పడినవీ, ఆ ఇద్దరి గతమూ కలిసి చెప్పాలి.

ఇక తలకిందుల సంగతి. నిటారుగా ఉంటే మలుపు, తిరగబడితే పునరావృతం అన్న సూత్రం వినడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఈ డెక్ తయారుచేయించిన వెయిటే తలకిందుల వీల్‌కు రాసిన అర్థాలు చూడండి: పెరుగుదల, సమృద్ధి, అతి. పాత కథ తిరగడం అన్న ఊసే లేదు. ఆ అర్థం తర్వాతి చదువరులు చేర్చుకున్నది. చేర్చుకోవడంలో తప్పు లేదు, టారో అర్థాలు అలాగే పెరిగాయి. దాన్ని తిరుగులేని నియమంలా పట్టుకోవడం దగ్గరే పేచీ. పైగా చాలామంది రీడర్లు తలకిందుల కార్డులు వాడనే వాడరు, అన్నీ నిటారుగా సర్దుకునే పరుస్తారు. ఈ సూత్రమే నిజమైతే వాళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళ ప్రేమల్లో పాత కథ ఎప్పటికీ నడవకూడదు మరి!

మాటిమాటికీ రావడం అన్నదానికి కాస్త లెక్క చాలు. డెక్‌లో 78 కార్డులు. రోజూ మూడు కార్డులు తీస్తే అందులో వీల్ ఉండే అవకాశం 78లో 3, అంటే 26లో 1. ప్రతిరోజూ బాగా కలిపి తీసినా, నెల రోజుల్లో అది ఒక్కసారైనా కనిపించే అవకాశం దాదాపు 70 శాతం. నెలలో మూడుసార్లో అంతకంటే ఎక్కువో కనిపించడం కూడా పదిమందిలో ఒకరికి జరుగుతుంది. ఆ ఒకరే వచ్చి 'నన్నేదో పిలుస్తోంది' అంటారు, మిగతా తొమ్మిదిమంది ఏమీ అనరు. దీన్నే మనవాళ్ళు కాకతాళీయం అన్నారు. ఇంకో చిన్న సంగతి, కార్డులు కలపడం గురించి. టారో కార్డులు పెద్దవి కాబట్టి చాలామంది గుత్తులు గుత్తులుగా పైకీ కిందికీ మారుస్తారంతే. అలా కొద్దిసేపే కలిపితే పక్కపక్కనున్న కార్డులు విడిపోవు, నిన్నటి గుంపే ఇవాళా వస్తుంది. ఒక్క వీల్ కాదు, నిన్నటి తోటి కార్డులతో కలిసి వస్తోందంటే ముందు మీ చేతిని అనుమానించండి. ఏది ఏమైనా, ఒకే ప్రశ్న రోజూ అడిగేవాళ్ళకు అన్ని కార్డులూ ఎక్కువసార్లే వస్తాయి. అక్కడ కనిపిస్తున్నది అడిగేవాళ్ళ ఆరాటం, అవతలి మనిషి రాక కాదు.

మిగిలింది విధి మాట. మిగతావి పొరపాట్లు, ఇది మాత్రం మనుషుల కాలాన్ని తినేస్తుంది.

కెల్టిక్ క్రాస్ అనే స్ప్రెడ్‌లో, అంటే కార్డులు పరిచే ఒక పద్ధతిలో, పది స్థానాలుంటాయి. వీల్ ఏ స్థానంలో పడిందన్నదాన్ని బట్టి దాని బరువు పూర్తిగా మారిపోతుంది. ఐదో స్థానం గడిచిపోయినది, అక్కడ పడితే మలుపు ఏదైనా ఉంటే అది వెనకే జరిగిపోయింది. తొమ్మిదోది ఆశలూ భయాలూ. అక్కడ పడిన వీల్‌ను జోస్యంగా చదవడం నేను చూసిన పొరపాట్లలో అన్నిటికంటే మామూలుది. అది చెప్పేది ఒక్కటే, 'తిరగాలని నువ్వు కోరుకుంటున్నావు' అని. పదోది ఫలితం. ఫలితం అంటే అందరూ ఇప్పుడున్నట్టే నడుచుకుంటూ పోతే చేరే చోటని నేను తీసుకుంటాను. అలా చూస్తే పదో స్థానంలో వీల్ పడటం చాలాసార్లు 'మరో చుట్టు' అనే అర్థం, ఏడో స్థానంలో అడిగిన మనిషి వేరేగా నడుచుకుంటున్నట్టు కనిపిస్తే తప్ప. ఏడోది ఆ అడిగిన మనిషి స్థానం. విధి అంతా చూసుకునేదైతే ఆ స్థానం స్ప్రెడ్‌లో ఎందుకుంది?

పక్క కార్డుల్లో వెనక్కి చూసేవి కొన్నున్నాయి. సిక్స్ ఆఫ్ కప్స్‌లో పాత ఇంటి ముంగిట పూలగిన్నె అందిస్తున్న పిల్లలు. డెవిల్‌లో మెడకు గొలుసులున్నా అవి వదులుగానే ఉంటాయి, తీసుకోవచ్చు, ఎవరూ తీయరు. దాటి వెళ్ళేవీ ఉన్నాయి. ఎయిట్ ఆఫ్ కప్స్‌లో పేర్చిన గిన్నెలు వదిలేసి ఒకడు కర్ర పట్టుకుని నడిచిపోతుంటాడు. జస్టిస్ చేతిలో కత్తీ తక్కెడా ఉంటాయి. వెయిట్ డెక్‌లో జస్టిస్ పదకొండోది, అంటే వీల్ తర్వాత వెంటనే వచ్చేది లెక్క చూసుకోవడమే. (పాత మార్సే డెక్‌లో జస్టిస్ ఎనిమిదోది, అక్కడ ఈ వరస చెల్లదు. ఏ డెక్ వాడుతున్నారో చూసుకోండి.)

ఇప్పుడు నా తప్పు. ఒకమ్మాయి, అబ్బాయి అప్పటికి ఒకసారి విడిపోయి కలిశారు. 'అక్కా, ఈసారి నిలుస్తుందా?' అని అడిగింది. పదో స్థానంలో నిటారుగా వీల్. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. మలుపు వచ్చేసిందన్నాను. ఆరు నెలలకు మళ్ళీ విడిపోయారు. తర్వాత అతను మళ్ళీ వచ్చాడు, తనూ మళ్ళీ నా దగ్గరికి వచ్చింది, అదే ప్రశ్నతో. కార్డులు పరిచాను. మొదటి స్థానంలో సిక్స్ ఆఫ్ కప్స్. దానికి అడ్డంగా టూ ఆఫ్ స్వోర్డ్స్, కళ్ళకు గంతలు కట్టుకుని రెండు కత్తులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకున్న ఆడమనిషి. ఆరోది, దగ్గరి భవిష్యత్తు, నైట్ ఆఫ్ కప్స్, గిన్నె చేతబట్టి గుర్రం మీద వస్తున్నవాడు. ఏడో స్థానంలో ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్, గంతలు కట్టుకుని కత్తుల మధ్య నిలబడ్డ ఆడమనిషి. పదోది మళ్ళీ వీల్, నిటారుగానే.

కార్డుల్లో కదులుతున్నవాడు అతనొక్కడే. ఆడమనిషి ఉన్న ఆ రెండు కత్తుల కార్డుల్లోనూ గంతలే. ఈసారి నోరు జారకుండా కాగితం ఇచ్చి తేదీలు రాయమన్నాను. మొదటిసారి కలిసిన ఏడో నెలలో, రెండోసారి ఆరో నెలలో విడిపోయారు. రెండుసార్లూ అంతకు వారం ముందే పెళ్ళి ఎప్పుడన్న మాట వచ్చింది. రెండుసార్లూ అతను గొడవపడలేదు, ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదటిసారి మాయమయ్యాక కొన్ని వారాలకు 'నువ్వు లేకపోతే తోచడం లేదు' అని మెసేజ్ పెట్టాడు. ఈమె ఎందుకు మాయమయ్యావని అడగకుండానే సరేనంది. రెండోసారి మాయమయ్యాక ఏం మెసేజ్ పెట్టాడని అడిగాను. ఫోన్ తీసి చూపించింది. అదే వాక్యం.

'మరి ఇప్పుడు మలుపు లేదా అక్కా?'

'ఈ కాగితంలో ఏ గీత మారితే ఇది వేరే కథ అవుతుందో చెప్పు' అన్నాను.

చాలాసేపు చూసి, తను అడగకపోవడం మీద వేలు పెట్టింది. అతను మాయమవడం తన చేతిలో లేదు, మెసేజ్ కూడా లేదు. పెళ్ళి మాట ఆరో నెల దాకా ఎత్తకుండా కాచుకోవడం, మాయమైన వారాల గురించి నోరెత్తకపోవడం తనవి. ఆ రెండు మాటలూ ఈసారి రెండో వారంలోనే ఎత్తుతానంది. అది పని చేస్తుందో లేదో నాకు తెలియదన్నాను. కానీ అతను ఈసారి ఆగి మాట్లాడితే మలుపని చెప్పగలిగే ఒక గుర్తు దొరుకుతుంది, మళ్ళీ ఫోన్ ఎత్తకపోతే ఆరు నెలలు ఆగకుండానే ఆ సంగతీ తెలుస్తుంది.

రెండో వారంలో అడిగింది. అతను కోపగించుకోలేదు, మాయం కాలేదు, నెల రోజులు ఆలోచించుకుంటానన్నాడు. ఇది కొత్త. నాకూ కొంచెం ఆశ కలిగిందని ఒప్పుకుంటాను. నెల గడిచింది, ఏమీ చెప్పలేదు. ఇంకో పది రోజులకు తనే ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, వీల్ ఇంకా అక్కడే ఉందా చూడమంది. డెక్ బల్ల మీదే ఉంది. నేను తీయలేదు. తను పాత కాగితం తీసి కింద మూడో తేదీ రాసుకుంది.