లైసెన్సు ఉచితమే, మిగతా బిల్లు ఎవరికి పంపమంటారు?

"ఉచిత ఈఆర్పీ పెట్టుకోండి. 1. లైసెన్సు లేదు కాబట్టి ఖర్చు సున్నా. 2. పాత కంప్యూటర్లే చాలు. 3. రెండు రోజుల శిక్షణతో సిబ్బంది నేర్చుకుంటారు. 4. కోడ్ మన చేతిలోనే ఉంటుంది, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. 5. సపోర్టు కాంట్రాక్టు దండగ, అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి."

ఈ నెలలో ఈ మెసేజ్ నాకు రావడం ఆరోసారి. బరంపురం నుంచి ఇద్దరు, పలాస నుంచి ముగ్గురు, చివరికి మా గోదాము మేనేజరు గారు కూడా పంపారు. పర్లాకిమిడిలో జీడిపప్పు యూనిట్ లెక్కలు చూసే నేను ఐదేళ్లుగా సరిగ్గా అలాంటి ఉచిత ఈఆర్పీతోనే, అంటే సరుకు, బిల్లులు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌తోనే, కాపురం చేస్తున్నాను. బిల్లులన్నీ నా బీరువాలో ఉన్నాయి.

రెండోది నిజమే. బ్రౌజర్ తెరుచుకుంటే చాలు.

మొదటిదానికి బీరువాయే జవాబు చెబుతుంది. పన్నెండు మంది వాడే మా వ్యవస్థకు మొదటి ఏడాది 6.86 లక్షలు, తర్వాతి నాలుగేళ్లలో 8.24 లక్షలు అయ్యాయి. కొటేషన్లో కనిపించేది ఎప్పుడూ మొదటి అంకెకు సంబంధించినదే. అది కూడా పూర్తిగా కనిపించదు. పాత లెక్కా కొత్త లెక్కా రెండు నెలలు పక్కపక్కన రాసి, రాత్రిళ్లు సరిచూసినందుకు గుమాస్తాలకు ఇచ్చిన 60,000 ఏ కొటేషన్లో ఉంది?

మూడోది రాసినవారి దగ్గర గుమాస్తాలు మానరేమో, అదృష్టవంతులు. మహేంద్రతనయ దాటితే పాతపట్నంలో మా డిపో. సరుకు వెళ్లేది ఏటి అవతలికే అయినా, 21తో మొదలయ్యే ఒడిశా జీఎస్టీ నంబరు నుంచి 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరుకు వెళుతుంది కాబట్టి ఐజీఎస్టీతో బిల్లు వేయాలి. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని గోదాము నుంచి గోదాముకు మార్పుగా ఎక్కించాడు. రెండు వైపులా సరుకు లెక్క సరిపోయింది, తెర మీద ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. నెలాఖరున ఈ-వే బిల్లులతో అమ్మకాల పట్టికను సరిచూస్తే గానీ తప్పు బయటపడలేదు. రెండో ఏడాది నుంచి శిక్షణకు ఏటా 20,000 విడిగా పెడుతున్నాం.

ఇక నాలుగోది. దీన్ని రాసినవారిని ఒక్క వారం మా కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంది.

ఈఆర్పీల తయారీ పట్టికలు మామూలుగా నాలుగు సరుకులు కలిపి ఒక వస్తువు చేసే ఫ్యాక్టరీని ఊహించుకుని రాసినవి. మాది తిరగేసిన వ్యవహారం. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే సుమారు 20 కిలోల పప్పు వస్తుంది. అందులో గుండు పప్పు సైజును బట్టి W240 ఉంటుంది, W320 ఉంటుంది, బద్దలు, పలుకులు ఉంటాయి, ఒక్కోదానిది ఒక్కో ధర. బస్తా ఖర్చును వీటన్నిటికీ అమ్మకం విలువను బట్టి పంచాలి. దానికి లక్షన్నర ఇచ్చి మార్పు చేయించాం. చేసినవారు దాన్ని విడి యాప్‌గా రాయకుండా అసలు కోడ్‌లోనే చెక్కేశారు, ఎందుకంటే అదే తొందరగా అవుతుంది. కోడ్ మన చేతిలోనే ఉంది కదా!

రెండేళ్ల తర్వాత కొత్త వెర్షన్‌కు మారబోతే, సొంత మార్పులు ఉన్నాయంటూ అప్‌డేట్ ఆగిపోయింది. సరిచేయడానికి వచ్చిన మనిషి ఈ కమాండ్ కొట్టాడు:

```
bench update --reset
```

అది మొండికేసినవాటన్నిటినీ తుడిచేసి అసలు కోడ్‌ను తెచ్చిపెడుతుంది. మా లక్షన్నర కూడా తుడిచిపెట్టుకుపోయింది. పదకొండు రోజులు ఎవరికీ తెలియలేదు. బస్తా ఖర్చంతా W320 మీద పడింది, పలుకుల ఖర్చు సున్నా అయింది. పలుకులు అమ్మితే వచ్చినదంతా లాభం, W320 అమ్మితే నష్టం అని రిపోర్టు చూపించింది. దాన్ని నమ్మి మా యజమాని మంచి ఆర్డరు ఒకటి వదులుకోబోయారు. పలుకుల ఖర్చు గడిలో సున్నా చూసి నేను అరిచాను. ఆ మార్పును విడి యాప్‌గా మళ్లీ రాయించి, నకలు సైట్‌లో పాత నెల లెక్కలు నడిపి చూసి మారడానికి 1.2 లక్షలు పట్టింది. ఇప్పటికి రెండుసార్లు వెర్షన్ మారాం, రెండుసార్లూ ఖర్చు అంతే.

ఐదోదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు మా సపోర్టువారు పన్ను పట్టికలు సరిచేసి ఇచ్చారు. ఏటా 90,000 ఇస్తున్నది అందుకే. ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయి, నిజమే. మీ సర్వర్లోకి వచ్చి సరిచేసే మనిషి దొరకడు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. దీనికి ముందు మేము వాడినది తలకింత లైసెన్సు కట్టే సాఫ్ట్‌వేర్. డబ్బు మిగల్చడానికి నలుగురం ఒకే పేరుతో లాగిన్ అయ్యేవాళ్లం. తప్పు బిల్లు ఎవరు వేశారని అడిగితే నలుగురూ గోడ వైపు చూసేవాళ్లం. ఇప్పుడు గ్రేడింగు సూపర్‌వైజరుకు కూడా సొంత లాగిన్ ఉంది, దానికి అదనంగా ఒక్క పైసా లేదు. ఏటి అవతలి బిల్లును తప్పుగా ఎక్కించినది ఎవరో అయిదు నిమిషాల్లో తెలిసింది దానివల్లే.