తేదీలు వేసిన ఫిర్యాదు వల్ల కలిగే నష్టాలు

మా రాయగడలోని ఒక కార్యాలయానికి ఇటీవల తీరని నష్టం జరిగింది. అక్కడ చాలాకాలంగా నిరాటంకంగా సాగుతున్న సాయంకాలపు వేళాకోళాన్ని ఒక తెలుగు గుమాస్తా ఒకటిన్నర పేజీల ఉత్తరంతో ఆపించడానికి పూనుకున్నాడు. కోపంతో వచ్చిన ఫిర్యాదు అయితే హెచ్‌ఆర్ వారికి కొట్టిన పిండి. మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీరు కాస్త ఆవేశంలో ఉన్నారు, రేపు మాట్లాడుకుందాం" అంటే సగం పని తీరిపోతుంది. ఈ ఉత్తరంలో ఆవేశం ఎంత వెతికినా దొరకలేదు కనుక, మంచినీళ్లు ఎవరికివ్వాలో వారికి పాలుపోలేదు.

స్టోర్స్‌లో పనిచేసే ఒడియా సహోద్యోగి మహిమ ధర్మాన్ని పాటిస్తాడు. పంతొమ్మిదో శతాబ్దంలో మహిమా స్వామి బోధించగా, భీమ భోయి పదాల ద్వారా ఒడిశా పల్లెల్లోకి పాకిన ఆ మార్గంలో విగ్రహాలు ఉండవు, నిరాకారుడైన అలేఖుణ్ణి కొలుస్తారు, పొద్దు గుంకాక భోజనం ముట్టరు. కార్యాలయానికి పకోడీలు వచ్చేది సరిగ్గా పొద్దు గుంకాకే కావడంతో, నవ్వుకోవడానికి ఇంతకు మించిన సంగతి లోకంలో లేదని మన తెలుగు సీనియర్లు తీర్మానించారు.

ఆ గుమాస్తా చిత్తుప్రతిలో మొదట "ఎప్పుడూ హేళన చేస్తున్నారు", "అహంకారం" అనే మాటలుండేవట. అవి అలాగే ఉండిపోతే అందరూ క్షేమంగా ఉండేవారు. "ఎప్పుడూ" అన్నదాన్ని "ఎప్పుడూ కాదు" అని కొట్టిపారేయవచ్చు, అహంకారానికి సాక్షులుండరు. అతను ఆ రెండూ తీసేసి, జనవరి రెండో సోమవారం సాయంత్రం 5:40కి, స్టోర్స్ గదిలో, నలుగురి ఎదుట, ఒక సీనియర్ పకోడీల ప్లేటు ముందుకు తోసి "మీ దేవుడికి కళ్లే లేవు కదా, తినేయవయ్యా, చూడడులే" అన్నారని రాశాడు. సహోద్యోగి ప్లేటు పక్కకు జరిపి "ఇలా అనకండి సార్" అన్నాడని కూడా రాశాడు. ఈ రెండో వాక్యమే అసలు ద్రోహం. వద్దన్నట్టు కాగితం మీద పడ్డాక, అదే వారం గురువారం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఖాళీ ఫోటో ఫ్రేము బొమ్మ పెట్టి "స్టోర్స్ దేవుడి దర్శనం" అని రాసినదాన్ని తెలియక చేసిన సరదా అనడానికి వీలు లేకుండా పోయింది. ఆ సందేశం స్క్రీన్‌షాట్‌ను సమయం కనిపించేలా జత చేయడం మర్యాదస్థులు చేసే పనేనా?

హెచ్‌ఆర్ వారు చివరి ఆయుధంగా "బాధపడ్డ మనిషే రాలేదు, మధ్యలో మీకేమిటి?" అన్నారు. దానికీ ఉత్తరంలోనే జవాబుంది: సహోద్యోగిని అడిగి, అతని అంగీకారంతోనే రాస్తున్నానని, తాను కళ్లారా చూసినవి ఒకచోట, అతను చెప్పగా విన్నవి వేరొకచోట పెట్టానని. పోనీ మా అంతర్గత కమిటీ పరిధిలోకి రాదందామంటే, అది 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులకే పరిమితమని అతనే ముందుగా ఒప్పుకున్నాడు. ఆపైన, 20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, దరఖాస్తు అందిన 30 రోజుల్లో అది తన పని ముగించాలని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోందని వినయంగా గుర్తుచేశాడు. వినయంగా గుర్తుచేసేవాణ్ణి మించిన ఇబ్బంది ఏ ఆఫీసుకూ ఉండదని నా అభిప్రాయం.

అతను కోరినవి చూస్తే ఇంకా నిరాశ కలుగుతుంది. ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయమనలేదు, కనీసం క్షమాపణ కూడా అడగలేదు. ఆ మాటలు ఆపమని రాతపూర్వకంగా చెప్పాలన్నాడు, గ్రూపులోంచి బొమ్మ తీయించమన్నాడు, ఈ ఫిర్యాదు కారణంగా సహోద్యోగి సెక్షన్ గానీ షిఫ్టు గానీ మార్చవద్దన్నాడు. చివరిది చదివి ఒక అధికారి నిట్టూర్చారట. బదిలీ ఉత్తర్వు అప్పటికే టైపు అయిపోయింది.

అయినా యాజమాన్యం చేతులు ముడుచుకు కూర్చోలేదు. మతసామరస్యం పెంపొందించడానికి సిబ్బంది అందరికీ విందు ఏర్పాటు చేసి, ఆ సహోద్యోగిని ముఖ్య అతిథిగా పిలిచారు. విందు వేళ రాత్రి ఎనిమిది గంటలు. ఆ ఆహ్వాన పత్రాన్ని గుమాస్తా తేదీ, సమయంతో సహా మరో అనుబంధంగా జతచేసి, రసీదు తీసుకున్నాడు.