పుష్కరాలప్పుడు మీరెంత?

2018లో మియాపూర్‌లో ఒక ఫ్రెండ్ గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర నా ముందు నిలబడ్డ అమ్మాయిని వడ్డించే అతను "పనసపొట్టు కూర ఇంకొంచెం వెయ్యమంటారా?" అని అడిగాడు. ఆవిడ "ఆయ్" అంది.

హైదరాబాద్‌లో ఆ 'ఆయ్' వినబడితే నాకు సొంత అత్తయ్య కనబడినట్టే.

"మీది గోదావరి వైపా అండి?"

"రాజమండ్రి అండి. దానవాయిపేట."

ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది కానీ, మా నోటికి అంత పొడుగు పేరు పట్టదు. నాది ఇన్నీసుపేట అన్నాను. ఇద్దరం పులిహోర ప్లేట్లు పట్టుకుని ఫ్యాన్ కిందకి చేరాం. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగుతూ మనం ఎప్పుడో ఎదురుపడే ఉంటాం అన్నాను. "ఎదురుపడితే నేను గుర్తుపట్టనా?" అని నవ్వింది. నేను మూడో పూర్ణం కూడా పెట్టించుకుని వచ్చాను.

మనిషిని చూస్తే ఇరవై ఆరు దాటవనిపించింది. నాకు ముప్పై రెండు. ఆరేళ్ల తేడా ఇప్పుడే ఎందుకు బయటపెట్టుకోవడం అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను. రాజమండ్రి వాళ్ల ముందు వయసు దాచడం కష్టం. మేం కాలాన్ని పుష్కరాలతో కొలుస్తాం. గురుడు సింహరాశిలోకి వచ్చాడంటే గోదావరికి పుష్కరాలు. 1991, 2003, 2015. "పుష్కరాలప్పుడు నువ్వెంత?" అని అడిగితే చాలు, ఆధార్ కార్డుతో పని లేదు.

ఆవిడ అడగనే లేదు. నేనే చెప్పాను. "2003 పుష్కరాలప్పుడు నేను ఆరో తరగతి. రేవులో జనాన్ని చూసి భయపడి నాన్న చెయ్యి వదల్లేదు."

నిజానికి అప్పుడు నేను డిగ్రీ ఫస్టియర్.

ఆవిడ ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. సరిగ్గా చెప్పాలంటే, అక్కలకి మాత్రమే వచ్చే మెత్తదనం అది. "అయ్యో, ఆరో తరగతా! నేను డిగ్రీ సెకండియర్. కోటిలింగాల రేవు దగ్గర ఎన్ఎస్ఎస్ డ్యూటీ. తప్పిపోయిన పిల్లల టెంట్‌లో కూర్చోబెట్టారు. నువ్వు గానీ ఏడుస్తూ అక్కడికి వచ్చావా?"

'మీరు' పోయింది, 'అండి' పోయింది. నాకంటే ఒక్క ఏడాది పెద్దది, నేను స్వయంగా ఆవిడకి తమ్ముణ్ణైపోయాను. "మా తమ్ముడూ నీ బ్యాచే అయ్యుంటాడు, ఉండు ఫోటో చూపిస్తా" అని ఫోన్ తీసింది. ఫోటోలో మీసాలు సరిగా రాని కుర్రాడు. నా ముందు జుట్టు అప్పటికే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఆవిడ ఒకసారి ఫోటో వైపు, ఒకసారి నా నుదుటి వైపు చూసింది.

పోయిన ఏళ్లని తిరిగి రాబట్టుకుందామని హేవలాక్ బ్రిడ్జి ఎత్తాను. ఆ పాత వంతెన మీద రైలు వెళ్తుంటే చప్పుడెలా ఉండేదో, అమ్మ ఇచ్చిన పావలా నీళ్లలో పడకుండా ఇనప కమ్మీకి తగిలి పట్టాల మీదే ఎలా పడిపోయిందో, నేనెంత ఏడ్చానో కళ్లకి కట్టినట్టు చెప్పాను.

"హేవలాక్ మీద రైళ్లు 1997లోనే ఆపేశారుగా? నీకప్పుడు అయిదేళ్లు."

"జ్ఞాపకశక్తి ఎక్కువండి."

"టెన్త్ ఎప్పుడు రాశావు?"

"2001" అనేశాను. టెన్త్ పాసైన సంవత్సరం ఎవరడిగినా నోరు దానంతటదే చెప్పేస్తుంది, పదిహేడేళ్లుగా అన్ని అప్లికేషన్లలో రాసి రాసి.

ఆవిడ పులిహోర అంటిన వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బొటనవేలు చిటికెన వేలి నుంచి కణుపు కణుపూ దిగుతోంది. ఆ వేలు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. అయినా ఆపలేకపోయాను.

"తొమ్మిదేళ్లకే టెన్తా!" అంది. తర్వాత గొంతు మార్చి, మైకులో చెప్పినట్టు, "తప్పిపోయిన బాబు పేరు, పేట, పుట్టిన సంవత్సరం నిజం చెబితే వాళ్లవాళ్లకి అప్పగించబడును" అంది.

"1986 అండి. పుష్కరాల రేవులో మజ్జిగ పంచాను. మా కాలేజీ వాళ్లు పంపారు."

ఆవిడ కాసేపు ఏమీ అనకుండా పూర్ణం కొరుక్కుంది. చాలా నెమ్మదిగా నమిలింది. ఆ కాసేపట్లో నేను 2027 పుష్కరాల దాకా వెళ్లొచ్చాను.

"డ్యూటీ దిగాక ఒకరోజు ఆ రేవుకే వెళ్లాం. మజ్జిగలో ఉప్పు కషాయంలా ఉంది. అది కలిపింది మీరేనా అండి?"

'అండి' తిరిగొచ్చింది. ఉప్పు వేసింది మా క్లాసులో ఇంకొకడు. అయినా నేనే అని ఒప్పుకున్నాను.